నెలవారీ అద్దెలో అద్దె పెంపు: ఒప్పందంలో ప్రస్తావన లేనప్పుడు నోటీసు, గడువు

ముగింపు తేదీ అంటూ లేకుండా, ఒక నెల అద్దె కట్టగానే మరో నెలకు సాగుతూ, ఇంటి యజమానిగానీ అద్దెకున్నవారుగానీ చట్టప్రకారం నోటీసు ఇచ్చేవరకు కొనసాగే అద్దె సంబంధాన్ని నెలవారీ అద్దె అంటారు. ఇలాంటి అద్దెలో పెంపు ఎప్పుడు, ఎంత, ఎన్ని రోజుల ముందు చెప్పి చేయాలన్నది ఒప్పందంలో రాసి ఉంటే వివాదం ఆ వాక్యాన్ని చదవడంతోనే తీరిపోతుంది. రాసి లేనప్పుడు ఏం జరుగుతుందన్నదే ఈ వ్యాస విషయం. దీనిని ప్రధానంగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లోని నివాస గృహాలకు వర్తించే న్యాయం ఆధారంగా పరిశీలించి, అదే న్యాయమూలం నుంచి వచ్చిన విదేశీ పద్ధతులను అవసరమైనంత మేరకు పోల్చడం జరిగింది.

నెలవారీ అద్దె ఎలా ఏర్పడుతుంది

నెలవారీ అద్దెకే ఒప్పుకుని ఇంట్లో దిగేవారు తక్కువ, తమకు తెలియకుండానే ఆ స్థితిలోకి జారేవారు ఎక్కువ. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన కాలానికి ఇచ్చే లీజును రిజిస్టరు చేసిన పత్రం ద్వారానే ఇవ్వాలి. ఏడాదిలోపు లీజును నోటిమాటతో, ఇల్లు స్వాధీనం చేయడంతో కూడా ఇవ్వవచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి పుట్టినదే స్టాంపు కాగితం మీద రాసుకునే 11 నెలల అగ్రిమెంటు. ఆ 11 నెలలు గడిచాక కొత్త కాగితం రాసుకునే ఇళ్లు కొన్నే. మిగిలిన చోట్ల పాత కాగితం బీరువాలో ఉండిపోతుంది, ఒకటో తారీఖునో ఐదో తారీఖునో అద్దె చేతులు మారుతూ ఉంటుంది. గడువు తీరిన తరువాత కూడా అద్దెకున్నవారు ఇంట్లోనే ఉండి, యజమాని అద్దె పుచ్చుకుంటూ వారి ఉనికికి సమ్మతిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ లీజు ఇల్లు ఇచ్చిన ప్రయోజనాన్ని బట్టి నెలనెలకు లేదా ఏడాదికేడాదికి పునరుద్ధరణ అయినట్టేనని 116వ సెక్షన్ చెబుతుంది. నివాసానికి ఇచ్చిన ఇల్లు కనుక అది నెలవారీ అవుతుంది.

రెండేళ్లకో ఐదేళ్లకో రాసుకుని రిజిస్టరు చేయించని పత్రానిదీ చివరకు ఇదే గతి. అటువంటి పత్రం ఐదేళ్ల లీజుగా చెల్లకపోయినా, ఇంటి స్వాధీనం, అద్దె చెల్లింపు అనే రెండు వాస్తవాల నుంచి లీజు ఉందని ఊహించవచ్చని, అది నెలవారీ లీజు అవుతుందని సుప్రీంకోర్టు 2000లో ఆంథోనీ వర్సెస్ కె.సి. ఇట్టూప్ కేసులో తేల్చింది. అంటే ఐదేళ్లపాటు అద్దె పెరగదన్న భరోసాతో కాగితం రాసుకున్న కుటుంబం, రిజిస్ట్రేషన్ లేని కారణంగా, ఏ నెలలోనైనా నోటీసు అందుకోగల స్థితిలో ఉంటుంది.

పెంచే హక్కు ఎక్కడ ఉంది

ఈ అంశంపై వాడుకలో ఉన్న నమ్మకాలు రెండు, రెండూ తప్పే. ఇల్లు తనది కనుక తాను చెప్పిన తేదీ నుంచి చెప్పిన అద్దె అమల్లోకి వస్తుందన్నది యజమానుల నమ్మకం. కాగితంలో పెంపు మాట లేదు కనుక ఎప్పటికీ పెంచడానికి వీల్లేదన్నది అద్దెకున్నవారి నమ్మకం. అద్దె అనేది ఇంటిని అనుభవించినందుకు ఇచ్చే ప్రతిఫలం, ఒప్పందంలోని ప్రధాన షరతు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 ప్రకారం ఒప్పందంలోని షరతును మార్చాలంటే ఇరుపక్షాల సమ్మతి కావాలి. ఒక పక్షం చెప్పినంత మాత్రాన మారదు. కాబట్టి నెలవారీ అద్దె నడుస్తుండగా యజమాని ‘వచ్చే నెల నుంచి ఇంత ఇవ్వాలి’ అని చెప్పడం చట్టం దృష్టిలో ఒక ప్రతిపాదన మాత్రమే. దానికి అవుననడమో కాదనడమో అద్దెకున్నవారి ఇష్టం.

అయితే కాదన్నవారికి ఆ ఇంట్లో ఎల్లకాలం పాత అద్దెకే ఉండే హక్కు దానివల్ల రాదు. నెలవారీ అద్దెను నోటీసు ఇచ్చి ముగించే అధికారం యజమానికి ఉంది, దానికి కారణం కూడా చూపనక్కరలేదు. అందువల్ల ఒప్పందంలో ప్రస్తావన లేనప్పుడు, అద్దెకున్నవారు ఒప్పుకోని పక్షంలో, నిజానికి జరిగేది అద్దె పెంపు కాదు. పాత అద్దె సంబంధాన్ని ముగించి, కొత్త అద్దెకు కొత్త సంబంధాన్ని ఇవ్వజూపడం. ఈ తేడా మాటల గారడీలా కనిపించవచ్చు గానీ, గడువు ఎన్ని రోజులు, నోటీసులో ఏం రాయాలి, ఎలా పంపాలి అనే ప్రశ్నలన్నింటికీ జవాబు దీనిలోనే ఉంది. అద్దె పెంచడానికంటూ ఆస్తి బదిలీ చట్టంలో నోటీసు గడువే లేదు. ఉన్నది అద్దెను ముగించడానికి కావలసిన గడువు. పెంపు గడువు అని జనం అనుకునేది దాని నీడ మాత్రమే.

సమ్మతి మాటతోనే రావాలని లేదు, చేతతో కూడా వస్తుంది. పెంచిన మొత్తాన్ని ఏ అభ్యంతరమూ రాయకుండా ఒక నెల కట్టినవారు ఆ పెంపునకు ఒప్పుకున్నట్టే. పాత మొత్తాన్నే కడితే, యజమాని దానిని మారుమాట లేకుండా నెలల తరబడి పుచ్చుకుంటే, పెంపు ప్రతిపాదన వీగిపోయినట్టే. ఏమీ అనకుండా ఊరుకోవడం ఒక్కటే సమ్మతి కాదు. ‘మీరు బదులివ్వకపోతే ఒప్పుకున్నట్టు భావిస్తాం’ అని నోటీసులో రాసినా ఆ వాక్యానికి బలం లేదు.

పదిహేను రోజుల నోటీసు

ముగింపు నోటీసు సంగతి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లో ఉంది. వ్యవసాయానికి లేదా వస్తు తయారీకి ఇచ్చిన లీజును ఏడాదికేడాది లీజుగా భావించి ఆరు నెలల నోటీసుతోనూ, మరే ప్రయోజనానికి ఇచ్చినదైనా నెలవారీ లీజుగా భావించి 15 రోజుల నోటీసుతోనూ ముగించవచ్చని అది చెబుతుంది. ఇవి రెండూ ఒప్పందం, స్థానిక చట్టం, స్థానిక ఆచారం వేరుగా లేనప్పుడే వర్తిస్తాయి. ఒప్పందంలో అద్దె పెంపు గురించి లేకపోయినా, ఖాళీ చేయడానికి ఒక నెల లేదా రెండు నెలల ముందు చెప్పాలని ఉండటం మామూలే. ఆ వాక్యం ఉంటే 15 రోజుల లెక్క పక్కకు పోయే అవకాశం ఉంది కనుక పాత కాగితాన్ని బీరువాలోంచి తీసి చదవడం మొదటి పని.

2002 చివరి వరకు ఈ సెక్షన్‌లో ఒక చిక్కుముడి ఉండేది. నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతోనే ముగియాలి, ఒక్క రోజు అటూఇటూ అయినా నోటీసు చెల్లదు. యజమాని ఏళ్లతరబడి దావా నడిపి, అద్దె నెల ఒకటో తారీఖున మొదలైందా ఐదో తారీఖున మొదలైందా అన్న తర్కం దగ్గర ఓడిపోయిన సందర్భాలు న్యాయస్థానాల రికార్డుల నిండా ఉండేవి. 2002 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దీనిని తొలగించింది. ఇప్పుడు నోటీసు అందిన తేదీ నుంచి 15 రోజులు లెక్కిస్తారు, అందిన రోజును మినహాయిస్తారు. నోటీసులో గడువు రెండు మూడు రోజులు తక్కువగా రాసినా, దావా మాత్రం పూర్తి 15 రోజులు గడిచాక వేసి ఉంటే, ఆ లోపం ఒక్కదానివల్ల నోటీసు చెల్లకుండా పోదు.

రూపం విషయంలో చట్టం సడలింపు చూపలేదు. నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారు లేదా వారి తరఫువారు సంతకం చేయాలి. తపాలాలో పంపాలి, లేదా స్వయంగా అందించాలి, లేదా ఆ ఇంట్లో ఉన్న కుటుంబసభ్యులకో పనివారికో ఇవ్వాలి, అదీ సాధ్యం కానప్పుడు ఇంటికి స్పష్టంగా కనిపించే చోట అతికించాలి. వాట్సాప్ సందేశం అద్దె ప్రతిపాదనకు సాక్ష్యంగా పనికివస్తుందేమో గానీ, ముగింపు నోటీసుగా దాని మీద ఆధారపడటం తెలివైన పని కాదు. రసీదు కార్డుతో కూడిన తపాలా మీద న్యాయవాదులకు ఉన్న మక్కువ ఇందుకే.

నోటీసులో ఏం రాయాలన్నది మరింత సున్నితమైనది. ‘వచ్చే నెల నుంచి 17,000 ఇవ్వగలరు’ అని మాత్రమే రాసిన ఉత్తరంలో ముగింపు మాటే లేదు కనుక దాని ఆధారంగా ఖాళీ చేయించడం కుదరదు. ‘మీ నెలవారీ అద్దెను ఈ నోటీసు అందిన 15 రోజులతో ముగిస్తున్నాము. ఆ తరువాత కూడా ఉండదలిస్తే నెలకు 17,000 అద్దెకు కొత్త ఒప్పందం చేసుకోవడానికి మేము సిద్ధము. లేని పక్షంలో ఖాళీ చేసి ఇల్లు అప్పగించాలి’ అన్న వాక్యాల్లో మూడు పనులు విడివిడిగా జరిగాయి: పాతది ముగిసింది, కొత్తది ఇవ్వజూపబడింది, రెండూ కాకపోతే ఏం చేయాలో చెప్పబడింది. ముగింపుతోపాటు ఎక్కువ అద్దె ప్రతిపాదన కలిపి ఉన్నంత మాత్రాన నోటీసు చెడదని ఇంగ్లండు న్యాయస్థానం 1879లోనే అహెర్న్ వర్సెస్ బెల్‌మన్ కేసులో చెప్పింది. మన న్యాయస్థానాలు కూడా ముగింపు నోటీసులను తప్పులు వెదికే దృష్టితో కాక, అందుకున్నవారికి విషయం బోధపడిందా లేదా అన్న దృష్టితో చదవాలని అంటూ వచ్చాయి. అయినా, ‘పెంచకపోతే ముగించవలసి వస్తుంది’ అనే బెదిరింపు వేరు, ‘ముగిస్తున్నాము’ అనే నిర్ణయం వేరు. మొదటిది రాసి రెండవది రాశామనుకోవడం యజమానులు సాధారణంగా చేసే పొరపాటు.

ఒక ఉదాహరణ, తేదీలతో

హైదరాబాదులో రెండు పడకగదుల పోర్షన్‌లో నెలకు 14,000 అద్దెకు ఒక కుటుంబం ఉందనుకుందాం. 11 నెలల కాగితం గడువు తీరి రెండేళ్లయింది. అందులో పెంపు గురించి గానీ, ఖాళీ చేసేందుకు ఇవ్వవలసిన గడువు గురించి గానీ ఏమీ లేదు. జూన్ 20న యజమాని ఫోనులో సందేశం పెట్టి, జూలై నుంచి 17,000 ఇవ్వాలన్నారు. పెంపు 3,000, అంటే పాత అద్దె మీద 21 శాతానికి పైమాటే. కుటుంబం బదులివ్వకుండా జూలై 5న ఎప్పటిలాగే 14,000 యూపీఐలో పంపింది. ఈ దశలో చట్టపరంగా ఏమీ మారలేదు. జూలై అద్దె బకాయి 3,000 ఉందని యజమాని అనలేరు, ఎందుకంటే 17,000 అద్దె అనేది ఇంకా పుట్టనే లేదు.

ఇప్పుడు యజమాని సందేశంతో ఆగక, పైన చెప్పిన మూడు వాక్యాల నోటీసును తపాలాలో పంపి, అది జూన్ 24న అందిందనుకుందాం. అందిన రోజును వదిలి లెక్కిస్తే జూన్ 25 మొదటి రోజు, జూలై 9 పదిహేనవ రోజు. జూలై 9తో నెలవారీ అద్దె ముగుస్తుంది. జూలై 10 నుంచి ఖాళీ చేయించే దావా వేయవచ్చు. పాత నిబంధనే ఉండి, అద్దె నెల ఒకటో తారీఖున మొదలయ్యేదైతే, జూన్ 30కి ఆరు రోజులే ఉన్నాయి కనుక, ఈ నోటీసుకు జూలై 31 వరకు ఆగవలసి వచ్చేది. సవరణ యజమానికి మేలు చేసిందో కుటుంబానికి కీడు చేసిందో గానీ, నెల మధ్యలో అద్దె ముగియడమనే వింత మాత్రం దాని ఫలితమే.

జూలై 9 తరువాత కుటుంబం ఖాళీ చేయక, ఒప్పుకోక, అక్కడే ఉంటే వారు కట్టవలసినది ఇక అద్దె కాదు, వినియోగ పరిహారం. హక్కు లేకుండా అనుభవించిన కాలానికి ఆ ఇంటి ద్వారా మామూలుగా రాగల ఆదాయాన్ని లెక్కగట్టి కోర్టు నిర్ణయించే మొత్తమిది. న్యాయభాషలో దీనిని మెస్నే ప్రాఫిట్స్ అంటారు. యజమాని నోటీసులో రాసిన 17,000 ఇక్కడ ప్రమాణం కాదు, ఆ వీధిలో అలాంటి పోర్షన్‌కు నిజంగా పలుకుతున్న అద్దె ప్రమాణం. అది 16,500 అని రుజువై, దావా 20 నెలలు సాగి, ఆ కాలమంతా కుటుంబం 14,000 చొప్పున కడుతూ వచ్చిందనుకుంటే, నెలకు 2,500 చొప్పున 50,000 రూపాయల తేడా వారి మీద పడుతుంది. కోర్టు ఖర్చులు వేరు. ‘కేసు వేసుకోనీ, ఏళ్లు పడుతుంది’ అనే ధీమాలో ఈ లెక్క సాధారణంగా ఉండదు.

యజమాని వైపు జారుడు మెట్టు మరొకటి ఉంది. నోటీసు గడువు ముగిశాక వచ్చిన డబ్బును, అద్దె ఇంకా నడుస్తున్నట్టే భావించి పుచ్చుకుంటే, నోటీసును వదులుకున్నట్టు అవుతుందని 113వ సెక్షన్ చెబుతుంది. పూర్వం రసీదు రాసివ్వడం యజమాని చేతిలో ఉండేది. ఇప్పుడు ఆగస్టు 5న 14,000 ఆయన ఖాతాలో ఆయన ప్రమేయం లేకుండానే పడిపోతుంది. డబ్బు జమ కావడమే వదులుకోవడం కాదు, వదులుకునే ఉద్దేశం కూడా ఉండాలి. అయినా జాగ్రత్తపరులైన యజమానులు అదే రోజు ‘దీనిని అద్దెగా కాక, నోటీసుకు భంగం లేకుండా, వినియోగ పరిహారం కింద జమ చేసుకుంటున్నాము’ అని ఒక ముక్క రాసి పంపుతారు. ఆ ముక్క లేకుండా ఆరు నెలలు గడిస్తే, మొదటి నుంచి మళ్లీ నోటీసు ఇవ్వవలసి రావచ్చు.

పెంపునకు ఒప్పుకోలేదని నీళ్ల మోటారు ఆపడం, కరెంటు తీసేయడం, ఊరెళ్లినప్పుడు తాళం మార్చడం వంటివి నోటీసు ఇచ్చినా ఇవ్వకపోయినా యజమానికి లేని అధికారాలు. కోర్టు ద్వారా కాకుండా వెళ్లగొట్టిన పక్షంలో, ఆరు నెలలలోపు దావా వేసి తిరిగి స్వాధీనం పొందడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని 6వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నకు తావు లేదు.

అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లు

పై లెక్క అద్దె నియంత్రణ చట్టం కిందికి రాని ఇళ్లకు సంబంధించినది. 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో 15 రోజుల నోటీసుతో అద్దె ముగించి కొత్త అద్దె అడిగే దారి మూసుకుపోయి ఉంటుంది. అక్కడ బాకీ పడటం, యజమానికి సొంతానికి కావలసి రావడం వంటి, చట్టంలో రాసిన కారణాల మీదనే ఖాళీ చేయించాలి. ఎక్కువ అద్దె వస్తుందన్నది ఆ కారణాల్లో లేదు. అద్దె సరిపోవడం లేదనుకున్న యజమాని, ఎక్కువైందనుకున్న అద్దెదారు కూడా న్యాయమైన అద్దెను నిర్ణయించమని అద్దె నియంత్రణాధికారికి, అంటే రెంట్ కంట్రోలర్‌కు, దరఖాస్తు పెట్టుకోవాలి. ఇలాంటి చట్టాల కింద ఖాళీ చేయించడానికి 106వ సెక్షన్ నోటీసు అవసరమే లేదని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1979లో ధనపాల్ చెట్టియార్ కేసులో తేల్చింది.

అయితే ఈ రక్షణ పరిధి ఇప్పుడు చాలా చిన్నది. 2005 సవరణతో నగరపాలక సంస్థల ప్రాంతాల్లో నెలకు 3,500, ఇతర చోట్ల 2,000 దాటిన అద్దెలు ఈ చట్టం వెలుపలికి వెళ్లాయి. కొత్తగా కట్టిన భవనాలకు కూడా కొన్నేళ్లపాటు మినహాయింపు ఉంది. ఈనాడు హైదరాబాదులో ఒక్క గది పోర్షన్ కూడా ఆ పరిమితిలో దొరకడం కష్టం కనుక, చట్టం పుస్తకంలో ఉన్నా పాత బజారు దుకాణాలకు, తరాల నాటి అద్దె ఇళ్లకు మాత్రమే అక్కరకు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం స్థానంలో 2017లో వేరే అద్దె చట్టం చేసుకుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందాన్నే పునాదిగా తీసుకుని, అద్దె సవరణను ఆ ఒప్పందంలోని షరతులకు వదిలిపెడుతుంది. రాత లేని చోట ఏం చేయాలన్న పాత ప్రశ్నకు అది జవాబు చెప్పడం కంటే, అలాంటి చోటే ఉండకూడదనుకున్నట్టుంది.

అదే మూలం, వేరే దేశాలు

ఆస్తి బదిలీ చట్టాన్ని రాసినవారు ఇంగ్లండు న్యాయసూత్రాల నుంచి తీసుకున్నారు. ఆ సూత్రాలే అమెరికాకూ వెళ్లాయి కనుక, తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన న్యూజెర్సీలో మన పద్ధతికి అచ్చమైన జంట కనిపిస్తుంది. అక్కడ నెలవారీ అద్దె పెంచాలంటే యజమాని పాత అద్దెను ముగించే నోటీసు, కొత్త అద్దె ప్రతిపాదన రెండూ ఇవ్వాలి. గడువు ఒక నెల. ముగింపు లేకుండా పెంపు మాత్రమే చెప్పిన ఉత్తరం అక్కడ కూడా చెల్లదు. కాకపోతే పెంపు మనస్సాక్షికి విరుద్ధమనిపించేంత ఎక్కువైతే దానిని కట్టనందుకు ఖాళీ చేయించకూడదన్న అడ్డుకట్ట అక్కడి చట్టంలో ఉంది, మనకు లేదు.

కాలిఫోర్నియా మరో దారి పట్టింది. ముగింపు, కొత్త ఒప్పందం అనే చుట్టుతిరుగుడు మాని, పెంపు నోటీసు గడువునే చట్టంలో రాసింది: ఏడాదిలో పెంపు 10 శాతం వరకు ఉంటే 30 రోజులు, దాటితే 90 రోజులు. ఇంగ్లండులో నెలవారీ అద్దెలకు ఒక నెలగా ఉన్న గడువును 2025 చట్టం రెండు నెలలకు పెంచింది. ఈ అంకెల కంటే వాటి వెనుక ఉన్న ఆలోచన ముఖ్యం. నోటీసు గడువు ఇల్లు ఖాళీ చేయడానికి మాత్రమే కాదు, కొత్త అద్దె ఇచ్చి ఉండాలా వద్దా అని తేల్చుకోవడానికి కూడా కావాలి. పెంపు ఎంత పెద్దదైతే ఆ తేల్చుకోవడానికి అంత కాలం పడుతుంది.

సమంజసమైన గడువు ఎంత

చట్టం అడిగే 15 రోజులు కనీసం మాత్రమే. అది సమంజసమని చట్టం ఎక్కడా అనలేదు. 15 రోజుల్లో ఒక కుటుంబం చేయవలసిన పనులను పేర్చి చూస్తే ఇది బోధపడుతుంది. టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరగడానికి కనీసం రెండు మూడు ఆదివారాలు కావాలి, 15 రోజుల్లో సాధారణంగా ఉండేవి రెండే. కొత్త ఇంటికి అడ్వాన్సు ముందే కట్టాలి, పాత ఇంటి అడ్వాన్సు మాత్రం ఖాళీ చేశాక గానీ చేతికి రాదు. అందువల్ల రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఉన్న ఇంట్లో 14,000 కట్టేవారు కూడా మధ్యలో 28,000 అయినా సర్దుకోవాలి. బడి నడుస్తున్న నెలల్లో పిల్లల బస్సు మార్గం మారుతుంది. ఆషాఢం, పుష్యం వంటి శూన్యమాసాల్లో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలామంది ఇష్టపడరు. చట్టం దీనిని పట్టించుకోదు గానీ, జూలైలో నోటీసు ఇచ్చే యజమాని పట్టించుకుంటే సగం పేచీ తప్పుతుంది.

ఈ వివరాలను బట్టి చూస్తే, గడువును రెండు కొలతలతో నిర్ణయించడం న్యాయంగా ఉంటుంది. మొదటిది అద్దె నెల. నెల మధ్యలో చెప్పి ఆ నెలాఖరుకే అమలు చేయడం కాక, చెప్పిన తరువాత వచ్చే పూర్తి అద్దె నెల ఒకటి గడవనివ్వాలి. జూన్ 20న చెప్పినది ఆగస్టు 1 నుంచి అమల్లోకి రావాలి గానీ జూలై 1 నుంచి కాదు. రెండవది పెంపు పరిమాణం. ఏటా 5 నుంచి 10 శాతం పెంచుకోవడం అగ్రిమెంట్లలో తరచు కనిపించే షరతు కనుక ఆ మేరకు పెంపు ఎవరినీ ఆశ్చర్యపరచదు, దానికి ఈ ఒక్క నెల చాలు. అంతకు మించినప్పుడు రెండు నెలలు, అయిదో వంతు దాటినప్పుడు మూడు నెలలు ఇవ్వడం సబబు. మూడేళ్లు పెంచకుండా ఊరుకుని ఒక్కసారిగా 21 శాతం అడిగే యజమాని తాను అన్నేళ్లూ వదులుకున్నదే అడుగుతున్నానని అనవచ్చు, అందులో నిజమూ ఉండవచ్చు. కానీ ఎదుటి కుటుంబం నెలసరి లెక్కలో ఆ 3,000 ఒక్కసారే వచ్చి పడుతుంది. 5 నుంచి 10 శాతం పెంచే వాడుక ఉందన్నంత మాత్రాన, రాయని ఒప్పందంలోకి అది దానంతటది వచ్చి చేరదన్నది కూడా గమనించాలి. 106వ సెక్షన్‌లోని ‘స్థానిక ఆచారం’ అన్న మాట లీజు స్వభావానికి, నోటీసు గడువుకు సంబంధించినది, పెంపు రేటుకు కాదు.

పై ఉదాహరణలోని కుటుంబం, యజమాని దావా దాకా వెళ్లకుండా సెప్టెంబరు 1 నుంచి 15,500కు రాజీ పడ్డారనుకుందాం. పెంపు 11 శాతం. జూన్ 24 నోటీసు నుంచి రెండు పూర్తి అద్దె నెలలు గడిచాయి. అప్పుడు వారు చేయవలసిన పని కొత్త అద్దె, అది మొదలయ్యే తేదీ, మళ్లీ ఎప్పుడు ఎంత పెంచవచ్చు, ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్న నాలుగు సంగతులతో మరో 11 నెలలకు కాగితం రాసుకుని ఇద్దరూ సంతకం చేయడం.  అలాంటి రాజీ గానీ ముగింపు నోటీసు గానీ లేక, పెంచిన అద్దె ఒక్క నెలైనా చెల్లించకపోతే, యజమాని నోటి మాటగా ఎన్నిసార్లు అడిగినా ఆ ఇంటి అద్దె ఇంకా 14,000 రూపాయలే.